నడుస్తున్న రైల్లో రైల్‌వైర్ ఉండదు

అరకు రైలు శృంగవరపుకోటలో ఆగేసరికి పెట్టెలో సగంమంది ఫోన్లు బయటకు తీస్తారు. ఎస్.కోట దాటి, బొడ్డవర దాటి రైలు ఘాట్ ఎక్కడం మొదలుపెడితే ఇక సొరంగాలే. సిగ్నల్ వస్తుంది, పోతుంది. అందుకే పాటలు, సినిమాలు, పిల్లల వీడియోలు, హోటల్ బుకింగ్ కాగితాలు అన్నీ ఇక్కడే దించుకోవాలన్న తొందర ఉంటుంది. దొంగ వైఫై పెట్టేవాడికి కావలసింది ఆ తొందరే.

ఈ అధ్యాయంలో కేఫ్ గురించి కూడా మాట్లాడుకుందాం. కానీ ముందు స్టేషన్ సంగతి చూద్దాం. ఎందుకంటే మన దేశంలో ఊరూరా ఒకే పేరుతో, తాళం లేకుండా, కోట్లమంది ఫోన్లకు గుర్తుండిపోయిన నెట్‌వర్క్ ఒకటుంది. దాని పేరు RailWire.

రైల్వే శాఖకు చెందిన రైల్‌టెల్ సంస్థ గూగుల్‌తో కలిసి 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో దీన్ని మొదలుపెట్టింది. అదే ఏడాది ఏప్రిల్లో విశాఖపట్నం, విజయవాడ, కాచిగూడ స్టేషన్లకు వచ్చింది. 2020లో గూగుల్ తప్పుకుంది. రైల్‌టెల్ మాత్రం కొనసాగించి, ఆరువేలకు పైగా స్టేషన్లకు తీసుకెళ్లింది. రోజుకు మొదటి అరగంట ఉచితం. ఆపైన వేగం కావాలంటే డబ్బు కట్టాలి. 2021లో ఆ ప్లాన్లు పెట్టినప్పుడు పది రూపాయల నుంచి మొదలయ్యాయి. ఈ పది రూపాయల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఒకసారి విశాఖ స్టేషన్లో RailWireకు కలిశారనుకోండి. మీ ఫోన్ ఆ పేరును దాచుకుంటుంది. ఆ తర్వాత ఎక్కడ ఆ పేరు వినిపించినా తనంతట తానే కలిసిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. అది అసలుదా కాదా అని ఫోన్ ఎలా తేల్చుకుంటుంది? తేల్చుకోదు. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ విషయంలో ఫోన్ చూసేవి రెండే: పేరు అదేనా, తాళం లేకపోవడం అదేనా. రెండూ కుదిరితే చాలు. వైఫై పేరంటే దుకాణం మీద బోర్డులాంటిది, ఎవడైనా రాయించుకోవచ్చు. మామూలు ఫోన్ హాట్‌స్పాట్‌కు కూడా ఆ పేరు పెట్టడానికి అరనిమిషం పట్టదు. ఇలా పేరు కాపీ కొట్టి పెట్టిన నెట్‌వర్క్‌ను ఇంగ్లిష్‌లో ఈవిల్ ట్విన్ అంటారు. మనం దొంగ వైఫై అనుకుంటే సరిపోతుంది.

చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది: జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే అనుమానించండి అని. వినడానికి బాగుంది గానీ ఇక్కడ పనిచేయదు. రెండూ తాళం లేనివే, రెండింటి పేరూ ఒకటే అయితే ఫోన్ వాటిని కలిపి ఒకే వరుసలో చూపిస్తుంది. పెద్ద స్టేషన్లో ప్లాట్‌ఫామ్ పొడవునా పది పరికరాలు ఒకే పేరుతో ఉంటాయి కాబట్టి అలా చూపించడమే దాని పద్ధతి. వాటి మధ్యలో దొంగది ఒకటి దూరినా మీకు కనిపించేది ఒక్క RailWire మాత్రమే. ఫోన్ సాధారణంగా సిగ్నల్ బలంగా ఉన్నదానికే మొగ్గుతుంది. దొంగ మీ పక్క బెంచీ మీదే కూర్చున్నాడంటే వాడిదే బలమైన సిగ్నల్.

మరి ఎలా గుర్తుపట్టాలి? ఒక అత్తను, ఆవిడ మేనల్లుణ్ని ఊహించుకుందాం. కొత్తవలసలో రైలెక్కి అరకు వెళ్తున్నారు. ఎస్.కోట వెనకబడి పావుగంట అయింది. రెండు స్టేషన్ల మధ్య, కొండల్లో, రైలు నెమ్మదిగా పోతోంది. అత్త ఫోన్‌లో మొబైల్ డేటా గీతలు లేవు గానీ వైఫై గుర్తు నిండుగా ఉంది.

"ఒరే, రైల్‌వైర్ ఒచ్చీసిందిరా, ఫ్రీయేట. మీ మావయ్యకి ఫొటోలు పంపీమా?"

"ఆగత్తా, నొక్కీకు. స్టేషనేదీ ఇక్కడ?"

మేనల్లుడు అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది పరీక్ష. రైల్‌వైర్ స్టేషన్లది, రైలుది కాదు. దాని పరికరాలు ప్లాట్‌ఫామ్ మీద, స్టేషన్ భవనం మీద బిగించి ఉంటాయి. వంద మీటర్లు దాటితే వాటి బలం పడిపోతుంది. రైళ్లలో వైఫై పెట్టే ప్రయత్నం ఒకటి హౌరా రాజధానిలో ఉపగ్రహం ద్వారా జరిగింది. ఖర్చుకు తగ్గ ఫలితం లేదని ఆపేసినట్టు రైల్వే మంత్రి 2021 ఆగస్టులో లోక్‌సభకు చెప్పారు. ఏదైనా రైల్లో సొంత వైఫై ఉన్నా అది ఆ రైలు ఏర్పాటు, స్టేషన్ రైల్‌వైర్ కాదు. కాబట్టి స్టేషన్ వదిలి పావుగంట దాటినా RailWire నిండు గీతలతో కనిపిస్తోందంటే, ఆ నెట్‌వర్క్ మీతోపాటే ప్రయాణం చేస్తోంది. ఈ పెట్టెలోనో పక్క పెట్టెలోనో ఎవరి సంచిలోనో ఉంది. చిన్న స్టేషన్ పక్కనుంచి పోతున్నప్పుడు ఒక నిమిషం మెరిసి పోతే అది అసలుదే కావచ్చు. వెనకబడకుండా వెంట వస్తేనే అనుమానం.

ఇదేమీ నా ఊహ కాదు. ఆస్ట్రేలియాలో జరిగింది దాదాపు ఇదే. 2024 ఏప్రిల్లో దేశీయ విమానంలో సిబ్బందికి తమది కాని వైఫై ఒకటి కనిపించింది. కంపెనీకి చెప్పారు, కంపెనీ పోలీసులకు చెప్పింది. పెర్త్ విమానాశ్రయంలో దిగిన ఒక ప్రయాణికుడి సామాన్లో అరచేతిలో పట్టే వైఫై పరికరం, ల్యాప్‌టాప్, ఫోన్ దొరికాయి. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లోనూ, విమానాల్లోనూ అతను అక్కడి నెట్‌వర్క్ పేర్లనే వాడాడని ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు చెప్పారు. కలిసినవాళ్లకు ఒక పేజీ తెరుచుకునేది. ఈమెయిల్‌తోనో, సోషల్ మీడియా ఖాతాతోనో లాగిన్ కమ్మని అడిగేది. టైపు చేసిన పాస్‌వర్డులు నేరుగా అతని పరికరంలో పడేవి. 2025 నవంబర్లో అతనికి ఏడేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

ఈ కేసులో దొంగ గాల్లోంచి ఎవరి పాస్‌వర్డూ పట్టుకోలేదు. అడిగాడు, వాళ్లే ఇచ్చారు. పదిహేనేళ్ల కిందట సంగతి వేరు. అప్పట్లో చాలా వెబ్‌సైట్లు మాటలను విప్పి పంపేవి, పక్కవాడు వినగలిగేవాడు. ఇప్పుడు బ్యాంకు యాప్, యూపీఐ యాప్, వాట్సాప్, జీమెయిల్ అన్నీ తమ మాటలను తామే కట్టుదిట్టంగా మూటకట్టి పంపుతున్నాయి. దొంగ వైఫై మీదుగా వెళ్లినా ఆ మూట వాడికి విప్పడం రాదు. మీరు ఏ సైట్‌కు వెళ్తున్నారో మాత్రం తెలుస్తుంది. ఫ్రీ వైఫైలో ఫోన్‌పే తెరిస్తే డబ్బంతా పోతుందని భయపెట్టే వాట్సాప్ సందేశాలకు నేను పెద్దగా విలువ ఇవ్వను. భయపడాల్సింది కలిసిన వెంటనే తెరుచుకునే లాగిన్ పేజీకి. ఆ పేజీని తయారుచేసింది నెట్‌వర్క్ యజమాని. అతనెవరో మీకు తెలియదు.

అసలు రైల్‌వైర్ ఏమడుగుతుందో తెలిస్తే దొంగది పట్టుకోవడం సులువు. అది మొబైల్ నంబరు అడుగుతుంది, ఓటీపీ పంపుతుంది, ఆ ఓటీపీ కొడితే లోపలికి వదులుతుంది. మన దేశంలో బహిరంగ వైఫైలన్నీ దాదాపు ఇలాగే ఉండడానికి కారణముంది. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబయిలో ఒకరింటి తాళం లేని వైఫై నుంచి వెళ్లింది. ఆ మరుసటి ఏడాది టెలికాం శాఖ, బహిరంగ వైఫై వాడేవాళ్లెవరో తెలిసేలా ఏర్పాటుండాలని ఆదేశించింది. కాబట్టి నంబరు అడగడం మామూలే. ఈమెయిల్ పాస్‌వర్డ్, ఫేస్‌బుక్ పాస్‌వర్డ్, ఆధార్, కార్డు వెనక మూడంకెలు అడిగితే మామూలు కాదు. యాప్ ఫైలు దించుకోమన్నా, సర్టిఫికెట్ వేసుకోమన్నా అక్కడే ఆపేయండి.

అయితే దొంగ కూడా నంబరూ ఓటీపీయే అడిగితే? అడుగుతాడు, తెలివైనవాడైతే. మన దేశంలో జాగ్రత్తగా చూడాల్సిన మలుపు ఇదే. మీరు నంబరు కొట్టగానే వాడు అదే నంబరుతో తన ఫోన్‌లో వాట్సాప్ తెరవడానికి ప్రయత్నిస్తాడు. మీకు ఆరంకెల కోడ్ వస్తుంది. మీరు వైఫై ఓటీపీ అనుకుని పేజీలో కొడతారు. మీ వాట్సాప్ వాడి చేతికి వెళ్లిపోతుంది.

దీనికి విరుగుడు ఆ ఎస్సెమ్మెస్‌లోనే ఉంది. ఓటీపీ వైఫై దారిన రాదు, మీ సిమ్ కంపెనీ టవర్ దారిన వస్తుంది. ఆ దారి మీద దొంగకు పట్టు లేదు, అందులోని మాటలు మార్చలేడు. అందుకని అంకెలు మాత్రం చూసి కొట్టేయకుండా, సందేశం మొత్తం చదవండి. ఎవరు పంపారు? దేనికని రాశారు? వాట్సాప్ అనో, గూగుల్ అనో, మీ బ్యాంకు పేరో, ఫలానా మొత్తం చెల్లింపు అనో ఉంటే ఆ అంకెలు ఆ పేజీలో కొట్టకూడదు. కొన్ని ఫోన్లు సందేశం తెరవకుండానే కీబోర్డు పైన అంకెలు చూపించి, నొక్కితే నింపేస్తాయి. స్టేషన్లో ఆ సదుపాయానికి లొంగకండి.

సందేశమే రాకపోతే? అప్పుడొక చిన్న పరీక్ష చేయవచ్చు. కావాలని తప్పు అంకెలు కొట్టండి. అసలు పేజీ తప్పు అంటుంది. ఏ అంకెలు కొట్టినా "స్వాగతం" అనే పేజీ వెనక సరిచూసేవాడెవడూ లేడు, అది మీ వివరాలు మూటకట్టుకోవడానికే పెట్టింది. తప్పు అన్నంత మాత్రాన అసలుదని నమ్మేయకండి. మీరు ఇచ్చింది ఇచ్చినట్టు అసలు చోటికి పంపి, అక్కడి జవాబు మీకు చూపించేవాళ్లూ ఉంటారు. ఈ పరీక్షతో దొంగను పట్టుకోవచ్చు గానీ, ఎవరినీ దొర అని తేల్చలేం.

ఇప్పుడు ఆ పది రూపాయల దగ్గరికి వద్దాం. రైల్‌వైర్‌లో నిజంగానే డబ్బు కట్టే ప్లాన్లు ఉన్నాయి కాబట్టి, దొంగ పేజీ మీద "వేగం కావాలా, పది రూపాయలే" అని కనిపిస్తే వింతగా ఉండదు. వాడికి పది రూపాయలు అక్కర్లేదు, కార్డు నంబరు కావాలి. కట్టాలనిపిస్తే మొబైల్ డేటా మీద, రైల్‌టెల్ సైట్‌లోకి మీరే వెళ్లి కట్టండి. యూపీఐతో కడుతుంటే మీ యాప్ తెర మీద డబ్బు ఎవరి పేరుకు వెళ్తోందో చూడండి. రైల్‌టెల్‌కు కట్టే పది రూపాయలు ఎవరో ఒక మనిషి పేరుకు వెళ్తుంటే ఇంకేం చెప్పాలి!

ఇక మేనల్లుడి దగ్గరికి. వాడు అత్త ఫోన్ తీసుకుని ఇంకొకటి చూశాడు. కలిసినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు, ఏదీ టైపు చేయనంతవరకు. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే వివరాలు వస్తాయి. అందులో Gateway అని ఒక వరుస. ఐఫోన్‌లో నీలం ⓘ నొక్కితే Router అని ఉంటుంది. అక్కడ ఇలా కనిపిస్తే:

```
172.20.10.1    ఐఫోన్ హాట్‌స్పాట్
192.168.43.1   పాత ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్
172.16.42.1    దొంగ వైఫైకి వాడే ఒక పరికరం
```

మొదటిది కనిపిస్తే చాలా గట్టి ఆధారం. ఐఫోన్ తన హాట్‌స్పాట్‌కు ఆ అంకెలే వాడుతుంది. స్టేషన్ వైఫై అని పేరు పెట్టుకున్నది ఎవరి జేబులోనో ఉన్న ఫోన్ అని తేలిపోయినట్టే. మూడోది వైఫై పైనాపిల్ అనే పరికరానికి పుట్టుకతో వచ్చే అంకె. భద్రత పరీక్షించేవాళ్ల కోసం అమ్మే సరుకు అది. దొంగ ఆ అంకె మార్చుకోవచ్చు. కొత్త ఆండ్రాయిడ్‌లు ప్రతిసారీ వేరే అంకె పెట్టుకుంటాయి. కాబట్టి ఇవి కనిపించకపోతే అసలుదని అనుకోవడానికి లేదు. అత్త ఫోన్‌లో 172.20.10.1 ఉంది. మేనల్లుడు Forget నొక్కి ఫోన్ తిరిగిచ్చాడు. ఫొటోలు అరకు చేరాక పంపుకోవచ్చు.

లాగిన్ పేజీ గురించి ఇంకొక్క మాట. వైఫైకి కలవగానే ఫోన్ తనంతట తాను ఒక చిన్న కిటికీ తెరిచి పేజీ చూపిస్తుంది. ఆ కిటికీలో చిరునామా సరిగా కనిపించదు. దాన్ని మూసేసి, బ్రౌజర్ తెరిచి `http://neverssl.com` అని కొట్టండి. కావాలనే తాళం లేకుండా పెట్టిన సైట్ అది. నెట్‌వర్క్ దాన్ని పట్టుకుని తన లాగిన్ పేజీకి మళ్లిస్తుంది, అప్పుడు పూర్తి చిరునామా కనిపిస్తుంది. `https://` తర్వాత మొదటి `/` దాకా ఉన్న పేరు `railwire.co.in` కావాలి, లేదా `.railwire.co.in`తో ముగియాలి. `railwire.co.in.` తర్వాత ఇంకేవో పేర్లు తగిలించి ఉంటే అసలు యజమాని ఆ చివరి పేరు. `https` లేకుండా సరైన చిరునామా కనిపించినా నమ్మడానికి లేదు, నెట్‌వర్క్ నడిపేవాడు ఏ పేరునైనా తన పేజీకి మళ్లించగలడు. `https`, సరైన పేరు రెండూ కలిసి ఉండాలి. బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిక చూపిస్తే "ఫర్వాలేదు, ముందుకు పోదాం" అనే మీట నొక్కకండి.

కేఫ్‌లో లెక్క కొంచెం మారుతుంది. ఎస్.కోటలోనైనా విజయనగరంలోనైనా కాఫీ షాపు, బేకరీ వైఫైకి సాధారణంగా పాస్‌వర్డ్ ఉంటుంది. గోడ మీద చీటీ అంటించి ఉంటుంది, లేదా కౌంటర్లో అడిగితే చెబుతారు. ఇక్కడ జాబితా చూడటం నిజంగా పనికొస్తుంది. ఒకే పేరు రెండు వరుసల్లో, ఒకదాని పక్కన తాళం బొమ్మ ఉండి రెండోదాని పక్కన లేకపోతే, లేనిది దొంగది కావడానికే ఎక్కువ అవకాశం. తాళం తేడా ఉంటే ఫోన్ వాటిని వేర్వేరు వరుసల్లో చూపిస్తుంది. ఇంతకుముందు తాళమున్న వైఫైకి కలిసిన ఫోన్, తాళం లేనిదానికి తనంతట తాను కలవదు కూడా. అందుకే దొంగ మీ చేత నొక్కించుకోవాలి. అసలు కనెక్షన్ పదే పదే తెగిపోతూ ఉంటే, విసుగొచ్చి మీరు రెండోది నొక్కుతారని వాడి ఆశ. కనెక్షన్ తెగ్గొట్టే పరికరాలూ ఉన్నాయి, పాత రౌటర్లు వాటికి లొంగిపోతాయి.

గోడ మీద పాస్‌వర్డ్ దొంగకూ కనిపిస్తుంది కదా అంటారా? నిజమే. అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెడితే ఫోన్‌కు తేడా తెలియదు. అప్పుడు మళ్లీ లాగిన్ పేజీయే దిక్కు. పాస్‌వర్డ్ కొట్టి కలిసే చిన్న కేఫ్ వైఫైకి చాలాచోట్ల లాగిన్ పేజీ ఉండదు. నిన్నటిదాకా లేని పేజీ ఇవాళ గూగుల్ పాస్‌వర్డ్ అడిగితే కౌంటర్‌కి వెళ్లి అడగండి. ఒక్కోసారి వాళ్ల రౌటర్ పాడై, ఓనరు తన ఫోన్ హాట్‌స్పాట్‌కే కేఫ్ పేరు పెట్టి నడిపిస్తూ ఉంటాడు. Gateway చూసి కంగారు పడకముందు అదీ అడగండి. మన చిన్న ఊళ్లలో అది మామూలే.

పని అయిపోయాక చేయాల్సింది ఒకటే. తాళం లేని నెట్‌వర్క్‌ల పేర్లు ఫోన్ జ్ఞాపకంలోంచి తీసేయాలి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో Saved networks అని ఉంటుంది. RailWire, విమానాశ్రయం, మాల్, లాడ్జి ఏది కనిపించినా Forget. ఉంచుకోవాలనుకుంటే Auto-connect ఆపేయండి. ఐఫోన్‌లో అది Auto-Join. ఇది చేస్తే సంచిలోని ఫోన్ మీకు తెలియకుండా ఎవరి RailWireకూ కలవదు, కలవాలంటే మీ వేలు కావాలి.

ఇప్పటికే ఏదో కొట్టేశారనుకోండి. ముందు వైఫై ఆపి మొబైల్ డేటాకు రండి. పాస్‌వర్డ్ మార్చడం అదే దొంగ వైఫై మీద చేయకూడదు. గూగుల్ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే మార్చి, మీవి కాని ఫోన్లన్నింటినీ ఖాతా నుంచి బయటకు పంపండి. వాట్సాప్ కోడ్ ఇచ్చి ఉంటే మీ నంబరుతో మీరే మళ్లీ రిజిస్టర్ చేయండి, అవతలివాడు బయటపడతాడు. ఈలోగా మీ పేరుతో ఎవరైనా డబ్బు అడుగుతారేమో అని ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. కార్డు వివరాలు ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయండి, తర్వాత `cybercrime.gov.in`లో ఫిర్యాదు రాయండి. రైల్లోనో స్టేషన్లోనో జరిగితే 139కి కూడా చెప్పండి. ఫిర్యాదులో రైలు నంబరు, పెట్టె నంబరు, ఏ రెండు స్టేషన్ల మధ్య, ఎన్ని గంటలకు అన్నవి రాయాలి. Forget నొక్కే ముందే లాగిన్ పేజీ, Gateway వరుస రెండింటినీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. నొక్కాక అవి మళ్లీ దొరకవు.